గుడ్డు బదులు పెరుగే: నాలుగేళ్లు వాడాక నా మాట

మా ఆడపడుచు కొడుక్కి గుడ్డు పడదు. చిన్న ముక్క నోట్లో పడినా ఒళ్లంతా దద్దుర్లే. వాడు ఏటా వేసవి సెలవులకి విశాఖ వస్తాడు, పుట్టినరోజూ మే నెలలోనే. అందుకే నాలుగేళ్లుగా ఎంవీపీ కాలనీలో మా ఇంటి కేకులో గుడ్డు ఉండదు. పెరుగు, అరటిపండు, అవిసె గింజలు మూడూ వాడి చూశాను. మెత్తటి వెనీలా కేకుకి మాత్రం పెరుగే.

నా కొలత ఇది. కప్పు పెరుగులో ముప్పావు కప్పు పంచదార కరిగేదాకా కలిపి, ఒకటింపావు టీస్పూను బేకింగ్ పౌడరు, అర టీస్పూను వంటసోడా వేసి ఐదు నిమిషాలు వదిలేస్తాను. పెరుగులోని పులుపు సోడాతో కలిసి నురగ పొంగుతుంది. గుడ్డు ఇచ్చే గుల్లదనం ఇక్కడ ఆ బుడగల వల్లే వస్తుంది. తర్వాత అర కప్పు నూనె, కాస్త వెనీలా, ఒకటిన్నర కప్పు జల్లించిన మైదా. పిండి కనబడనంత వరకే కలపాలి, ఎక్కువ కలిపితే కేకు సాగుతుంది. ముందే వేడెక్కిన ఓవెన్‌లో 180 డిగ్రీల దగ్గర 35 నుంచి 40 నిమిషాలు.

పెరుగు రుచి చూడకుండా వేయకండి. ఒకసారి చలికాలంలో సరిగ్గా తోడుకోని కమ్మటి పెరుగు వేశాను. పులుపు చాలక సోడా మిగిలిపోయి కేకు సబ్బు వాసన కొట్టింది, లోపల గోధుమరంగు తిరిగింది. మన ఎండాకాలంలో దీనికి పూర్తిగా వ్యతిరేకం: పొద్దున తోడుకున్నది బయట ఉంచితే సాయంత్రానికి పుల్లగా, నీళ్లగా అయిపోతుంది. పైన తేలిన నీళ్లు వంపేసి, గట్టి పెరుగే కొలుస్తాను. మరోసారి పిండి కలిపాక కరెంటు పోయింది. అరగంట ఆగేసరికి బుడగలన్నీ చచ్చి, కేకు అడుగున ముద్దలా మిగిలింది. పుల్ల గుచ్చితే శుభ్రంగానే వచ్చింది, కోశాకే బండారం బయటపడింది.

అరటిపండు గుడ్డుకి పావు కప్పు గుజ్జు చొప్పున వేస్తాను. బాగా మగ్గిన చక్కెరకేళి అయితే తీపి బాగుంటుంది గానీ అది ఇక అరటిపండు కేకే, వెనీలా ఎంత పోసినా కప్పదు. బరువుగా కూడా ఉంటుంది. అవిసె పొడి చెంచాకి మూడు చెంచాల నీళ్లు కలిపి పది నిమిషాలు ఉంచితే జిగురు కడుతుంది. అది పట్టి ఉంచుతుందే తప్ప పొంగించదు. బ్రౌనీకి బ్రహ్మాండం. తెల్ల కేకులో మాత్రం చుక్కలు కనబడతాయి, మా వాడు "అత్తా, ఇందులో ఇసుకేంటి?" అన్నాడు.

ఇంకొకటి, మా వదిన గట్టిగా చెప్పిన మాట: గుడ్లు గిలక్కొట్టే విస్కు, గిన్నె ఈ కేకు దగ్గరికి రాకూడదు. వాడికని విడిగా ఒక సెట్టు కొని, నీలం రిబ్బను కట్టి పై అరలో పెట్టాను.