ఇన్విజిలేషన్ డ్యూటీల షీటు: నాలుగేళ్లు వాడాక

కోనసీమలోని మా హైస్కూలులో డ్యూటీల చార్టు వేసే పని నాలుగేళ్ల క్రితం నా మెడకు చుట్టుకుంది. చిక్కంతా పదో తరగతి ప్రీఫైనల్స్‌తోనే. వాళ్లు పరీక్ష రాస్తుంటే కింది తరగతులకు పాఠాలు మామూలుగానే నడవాలి. మూడుంబావు గంటల పేపరు మా దగ్గర నాలుగు పీరియడ్లు మింగేస్తుంది. ఆ నాలుగూ ఖాళీగా ఉండే టీచరు ఒక్కరూ లేరు. అందుకే డ్యూటీని పీరియడ్ల వారీగా పంచుతాను.

గూగుల్ షీట్స్‌లో `TT` అనే షీటులో టైంటేబుల్‌ను వరుసకు ఒక పీరియడు చొప్పున రాశాను: పేరు, వారం, పీరియడు, తరగతి. డ్యూటీ షీటులో తేదీ, పేరు, వారం, పీరియడు ఉంటాయి. పక్కన ఈ సూత్రం:

```
=COUNTIFS(TT!A:A,B2,TT!B:B,C2,TT!C:C,D2,TT!D:D,"<>10*")
```

సున్నా కాకుండా ఏ అంకె వచ్చినా ఆ టీచరుకు అప్పుడు క్లాసు ఉన్నట్టు. ప్రాణమంతా 10తో మొదలయ్యే తరగతులను వదిలేసే చివరి షరతులోనే ఉంది. పదో తరగతి పిల్లలు పరీక్షలో ఉంటే వాళ్లకు చెప్పాల్సిన టీచరు ఆ పీరియడు ఖాళీయే కదా! కాగితం మీద వేసిన రోజుల్లో ఇది తట్టక, ఆరో తరగతి చెప్పేవాళ్లను లాగేవాళ్లం.

మాకు రెండు సెక్షన్లు, రెండు గదులు. నాలుగు పీరియడ్లకు ఎనిమిది డ్యూటీలు. పదో తరగతి క్లాసులు తప్పిన పీరియడ్లూ సరిగ్గా ఎనిమిదే. అయితే సొంత సబ్జెక్టు పేపరుకు ఆ టీచరును గదిలో ఉంచకూడదు. లెక్కల పేపరు బుధవారం పడిందనుకోండి, లెక్కల మాస్టారికి ఒకటో పీరియడు 10ఎ, మూడో పీరియడు 10బి ఉన్నాయి. ఆ రెండింటికే బయటివాళ్లు కావాలి. ఒకటో పీరియడుకు సోషల్ మాస్టారు ఖాళీగా కనిపించినా ఆయన నర్సాపురం నుంచి పంటు మీద గోదావరి దాటి రావాలి. మంచు పడితే ఎప్పుడొస్తారో ఆయనకే తెలియదు. అక్కడ హిందీ టీచరు గారిని వేశాను, మూడో పీరియడు వ్యాయామ మాస్టారికి. పంటు సంగతి ఏ సూత్రమూ చెప్పదు.

దీని పెద్ద లోపం, తప్పు జరిగినా సున్నాయే చూపించడం. పేరు చివర ఒక ఖాళీ ఎక్కువ పడితే టైంటేబుల్‌లో ఆ మనిషే దొరకరు, క్లాసు ఉన్నా లేనట్టే కనిపిస్తుంది. ఇప్పుడు పేర్లు టైపు చేయకుండా జాబితా నుంచే ఎంచుకుంటున్నాను. తరగతిని ఉత్త `10` అని అంకెగా రాస్తే తిరకాసు ఇంకోలా ఉంటుంది: నక్షత్రం గుర్తు అక్షరాలనే పోలుస్తుంది కాబట్టి లేని క్లాసును ఉందంటుంది. సెక్షన్‌తో కలిపి `10ఎ` అని రాయాలి.

రెండో ఏడు తుఫాను సెలవులకు బదులుగా ఒక రెండో శనివారం బడి పెట్టి, మంగళవారం టైంటేబుల్ నడిపారు. నా షీటు తేదీని చూసి శనివారమే అనుకుంది. అన్నీ సున్నాలు. రెండో పీరియడులో ఎనిమిదో తరగతి గోల వరండా దాటి పరీక్ష గదిలోకి వినిపించాక గానీ నాకు తెలియలేదు. అప్పటి నుంచి వారం గడిని చేత్తోనే నింపుతున్నాను.