‘మీ గురించి చెప్పండి’ అన్నప్పుడు: ఏకబిగిన చెప్పడమా, ముందే అడగడమా, కొంత చెప్పి అడగడమా?

జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో ఉన్న మందుల కంపెనీలకైనా, పాత నల్లగొండ జిల్లాలోని చౌటుప్పల్ వైపు ఉన్న రసాయన పరిశ్రమలకైనా ఇంటర్వ్యూకు వెళ్లినవారిని కూర్చోబెట్టగానే సాధారణంగా అడిగే మొదటి మాట ‘మీ గురించి చెప్పండి’. చెప్పడానికి ఏమీ లేక ఇక్కడ తడబడేవారు తక్కువ. చెప్పడానికి చాలా ఉండి, అందులో ఎదుటివారికి కావలసినది ఏదో తెలియక తడబడేవారే ఎక్కువ. చదువు చెప్పాలా, చేసిన పని చెప్పాలా, ఊరూ కుటుంబమూ చెప్పాలా, రెజ్యూమెలో ఖాళీగా కనిపించే ఏడాది సంగతి తామే ముందు ఎత్తాలా అన్న సందేహం తీర్చుకోవడానికి మూడు దారులున్నాయి. సిద్ధం చేసుకున్నదంతా ఏకబిగిన చెప్పేయడం ఒకటి, ఏ భాగం కావాలో నోరు తెరవగానే అడగడం రెండోది, కొంత చెప్పి ఆగి, ఆ తర్వాత అడగడం మూడోది.

ఏది మేలో తేల్చడానికి ఒక అభ్యర్థిని అనుకుందాం. నకిరేకల్ దగ్గరి పల్లెకు చెందిన అమ్మాయి, నల్లగొండలోని మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసింది. ఆ తర్వాత ఏడాదిన్నర గ్రూప్స్ పరీక్షలకు చదివింది. అవి ఫలించకపోవడంతో చౌటుప్పల్ దగ్గర మందుల ముడిపదార్థాలు తయారుచేసే ఒక చిన్న పరిశ్రమలో క్వాలిటీ కంట్రోల్ విభాగంలో ఏడాదిగా పనిచేస్తున్నది. ఇప్పుడు పోలేపల్లిలో అదే విభాగంలో కెమిస్టు ఉద్యోగానికి వచ్చింది. ఆమెను మొదట హెచ్.ఆర్. అధికారి, తర్వాత క్యూసీ మేనేజరు వేర్వేరుగా పిలుస్తారు. ఇద్దరూ ఇదే ప్రశ్న, ఇవే మాటలతో అడుగుతారు, కానీ ఇద్దరికీ కావలసినది ఒకటి కాదు.

హెచ్.ఆర్. అధికారికి, నమూనాలో ఏ పదార్థం ఎంత ఉందో తేల్చే ఎచ్‌పీఎల్‌సీ యంత్రం సంగతులతో పెద్దగా పని ఉండదు. నకిరేకల్ నుంచి జడ్చర్లకు రోజూ వచ్చిపోవడం కుదరదు కాబట్టి ఈ అమ్మాయి ఇక్కడే ఉంటుందా, షిఫ్టులకు ఒప్పుకుంటుందా, ఇప్పుడున్న చోట నోటీసు గడువు ఎంత, మళ్లీ పరీక్షల నోటిఫికేషన్ పడితే మూడు నెలలకే వెళ్లిపోతుందా అన్నవి ఆయన మనసులోని ప్రశ్నలు. మేనేజరుకు ఇవేవీ పట్టవు. ఆమె చేతులతో ఏ యంత్రం నడిపింది, ఏ పరీక్షలు సొంతంగా చేసింది, ఫలితం తేడాగా వస్తే ఏం చేసింది అన్నదే ఆయనకు కావాలి. అందుచేత ఊరు, కుటుంబం చెప్పడం దండగ అని శిక్షణ తరగతుల్లో గంపగుత్తగా చెప్పే మాటతో నేను ఏకీభవించను. మేనేజరు దగ్గర అది దండగే, కానీ హెచ్.ఆర్. దగ్గర ‘జడ్చర్లలో మా పిన్ని వాళ్లు ఉన్నారు, అక్కడే ఉంటాను’ అన్న ఒక్క వాక్యం చాలా పని చేస్తుంది.

ఇక మొదటి దారి. బట్టీపట్టిన జవాబు పేరుతో మొదలై తండ్రిగారి వృత్తి, పదో తరగతి, ఇంటర్, డిగ్రీ మార్కులు, అభిరుచులు, బలాలు, బలహీనతల మీదుగా సాగి, రెండు మూడు నిమిషాల తర్వాత ‘ఇంతే సార్’ అని ముగుస్తుంది. ఎక్కడా ఆగిపోమన్న ధైర్యం ఒక్కటే దీని లాభం. నష్టం ఏమిటంటే ఇందులో చాలా భాగం ఎదుటివారి చేతిలోని కాగితం మీద అచ్చయి ఉంటుంది, వారికి కావలసినది మధ్యలో ఎక్కడో ఒక వాక్యంగా వచ్చి పోతుంది. మన అమ్మాయి కాలక్రమంలో చెప్పుకుంటూ పోతే ఎచ్‌పీఎల్‌సీ పేరు వచ్చేసరికి రెండో నిమిషం దాటుతుంది, అప్పటికి మేనేజరు రెజ్యూమె మొదటి పేజీలోని ఏడాదిన్నర ఖాళీ దగ్గర ఆగి ఉంటాడు. పనితో మొదలవ్వాల్సిన సంభాషణ ఖాళీతో మొదలవుతుంది.

రెండో దారి చూడటానికి తెలివైనదిగా కనిపిస్తుంది. ‘సార్, నా చదువు గురించి చెప్పమంటారా, చేస్తున్న పని గురించి చెప్పమంటారా?’ అని అడిగితే అడిగినవారి అవసరం నేరుగా తెలిసిపోవాలి. కానీ ముఖాముఖిగా కూర్చున్నప్పుడు దీనికి సాధారణంగా వచ్చే జవాబు ‘ఏదైనా చెప్పండి’. కారణం ఏమిటంటే, ఆ క్షణానికి ఆ అధికారి ఏ భాగమూ ఎంచుకుని ఉండకపోవచ్చు. ముందు అభ్యర్థిని పంపించి, ఈమె రెజ్యూమె అప్పుడే చేతిలోకి తీసుకుని, అది చదువుకోవడానికి కాస్త వ్యవధి దొరుకుతుందని కూడా ఈ ప్రశ్న అడుగుతారు. అలాంటప్పుడు ఎదురు ప్రశ్న వేస్తే ఆయనకు దొరకాల్సిన వ్యవధి దొరకదు, అభ్యర్థికి దారీ దొరకదు. ‘ఏం చెప్పమంటారు సార్?’ అని విప్పి అడగడం ఇంకా నష్టం, ఎందుకంటే జవాబు సిద్ధంగా లేక సమయం తీసుకుంటున్నట్టు అనిపిస్తుంది.

అయినా రెండో దారిని పూర్తిగా కొట్టిపారేయలేము. ఫోన్ ఇంటర్వ్యూలో అదే మేలు. అక్కడ అడిగేవారి ముఖం కనిపించదు, వారు వింటున్నారో రాసుకుంటున్నారో తెలియదు, పైగా పిలిచినవారు హెచ్.ఆర్. వారో, విభాగం వారో, మధ్యలోని కన్సల్టెన్సీ వారో కూడా కొన్నిసార్లు స్పష్టంగా ఉండదు. ‘మేడమ్, మీరు హెచ్.ఆర్. నుంచి మాట్లాడుతున్నారా, క్యూసీ విభాగం నుంచా? దాన్ని బట్టి చెబుతాను’ అంటే ఎవరూ తప్పు పట్టరు. ఇక్కడ అడుగుతున్నది ఏ భాగం కావాలని కాదు, ఎవరు మాట్లాడుతున్నారని. అది తెలిస్తే భాగం దానంతటదే తెలుస్తుంది.

ఎదురుగా కూర్చున్న ఇంటర్వ్యూకు నేను మూడో దారినే ఎంచుకుంటాను. నిమిషం లోపు, అంటే నాలుగైదు వాక్యాల్లో, ఇప్పటి పనితో మొదలుపెట్టి, వెనుకటి చదువును ముట్టుకుని, ఈ ఉద్యోగానికి ఎందుకు వచ్చిందో చెప్పి ఆగాలి. ఆగిన చోట రెండు తలుపులు చూపాలి, అంతకంటే ఎక్కువ వద్దు. మన అమ్మాయి మేనేజరు ముందు ఇలా చెప్పవచ్చు:

‘సార్, నేను ఏడాదిగా చౌటుప్పల్ దగ్గర ముడిపదార్థాలు తయారుచేసే పరిశ్రమలో క్యూసీ కెమిస్టుగా పనిచేస్తున్నాను. రోజూ ఎచ్‌పీఎల్‌సీ మీద అస్సే, రిలేటెడ్ సబ్‌స్టెన్సెస్ పరీక్షలు చేస్తాను, టైట్రేషన్లు, తేమ పరీక్ష కూడా నేనే చూస్తాను. అంతకుముందు నల్లగొండలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేశాను, మధ్యలో ఏడాదిన్నర గ్రూప్స్‌కు చదివాను. మా దగ్గర ముడిపదార్థాలే ఉంటాయి, ఇక్కడ మాత్రలు కూడా తయారవుతాయి కాబట్టి డిసల్యూషన్ వంటి పరీక్షలు నేర్చుకోవచ్చని వచ్చాను. ఎచ్‌పీఎల్‌సీ పని వివరంగా చెప్పమంటారా సార్, లేక చదువుతో మొదలుపెట్టమంటారా?’

ఇందులో మూడు సంగతులు గమనించాలి. మొదటిది, అడగడానికి ముందే ఆయన చేతికి కొంత సరుకు అందింది, కాబట్టి చివరి ప్రశ్న తప్పించుకోవడంలా కనిపించదు. రెండోది, రెండు తలుపుల్లో మొదటిది ఆమెకు బలం ఉన్నది. ‘మీ ఇష్టం’ అన్నా ఆమె దాంట్లోకే నడవవచ్చు. మూడోది, ఖాళీ ఏడాదిన్నరను ఆమే అర వాక్యంలో చెప్పేసింది, దాచినట్టూ లేదు, సాగదీసినట్టూ లేదు. ఏ తలుపు చూపితే దాని వెనుక సరుకు ఉండి తీరాలి. ఎచ్‌పీఎల్‌సీ అని తానే చూపించాక ‘సిస్టమ్ సూటబిలిటీలో ఏం చూస్తారమ్మా?’ అని మేనేజరు అడగడం దాదాపు ఖాయం. యంత్రం సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసే ఈ తనిఖీలో స్టాండర్డును వరుసగా ఐదారు సార్లు ఇంజెక్ట్ చేసి ఏరియాల మధ్య తేడాను ఆర్‌ఎస్‌డీ రూపంలో చూస్తామనీ, టెయిలింగ్, థియరిటికల్ ప్లేట్లు కూడా పరిమితుల్లో ఉన్నాకే నమూనా ఫలితాన్ని లెక్కలోకి తీసుకుంటామనీ చెప్పలేనివారు ఆ తలుపు చూపకపోవడమే మంచిది. సీనియర్లు యంత్రం నడుపుతుంటే పక్కన నిలబడి చూసినవారు టైట్రేషన్‌నే చూపడం క్షేమం.

హెచ్.ఆర్. అధికారి ముందు ఇదే జవాబులో యంత్రాల వాక్యం సగానికి తగ్గాలి, జడ్చర్లలో ఉండే ఏర్పాటు వాక్యం చేరాలి, చివరి ప్రశ్న మారాలి: ‘పని గురించి ఇంకా చెప్పమంటారా సార్, లేక చేరడం, వసతి సంగతులు చెప్పమంటారా?’ గ్రూప్స్ మాట వచ్చినప్పుడు ఇక్కడ ఇంకొక వాక్యం అవసరం, ఎందుకంటే ఆయన భయమే అది. ‘ఇప్పుడు వాటికి చదవడం లేదు’ అన్నది నిజమైతేనే చెప్పాలి. నిజం కాకపోతే ఆ మాట ఎత్తకుండా, చేరితే ఎంతకాలం ఉండగలదో అడిగినప్పుడు మాట్లాడటం నయం.

నోటితో అడగకుండానే తెలుసుకునే ఆనవాళ్లు కూడా కొన్ని ఉన్నాయి, కొంత చెప్పి ఆగే పద్ధతిలో ఇవి బాగా పనికొస్తాయి. చెబుతుండగా అధికారి ఏ మాట దగ్గర తల ఎత్తాడో, ఏ వరుస కింద పెన్నుతో గీత గీశాడో అదే ఆయనకు కావలసిన భాగం. ఇంకా పేజీలు తిప్పుతూనే ఉంటే అడగడం తొందరపాటు, ఒక వాక్యం అదనంగా చెప్పి ఆయన కళ్లు పైకి వచ్చాక ఆగాలి. మధ్యలో అడ్డుతగిలి ‘ఏ కంపెనీ యంత్రం?’ అని అడిగితే తలుపు ఆయనే తెరిచినట్టు, సిద్ధం చేసుకున్న మిగతా వాక్యాలను అక్కడే వదిలేయాలి. అడ్డు పడ్డ ప్రశ్నకు జవాబిచ్చి, మళ్లీ వెనక్కి వెళ్లి ‘ఇక నా చదువు విషయానికొస్తే’ అని మొదలుపెట్టేవారిని చూస్తే నాకు ఎక్కడలేని విసుగు వస్తుంది.

భాష సంగతి వేరే సందేహం. ప్రశ్న ఇంగ్లిష్‌లో వస్తే జవాబు ఇంగ్లిష్‌లోనే మొదలుపెట్టాలి. క్యూసీలో లాగ్‌బుక్కులూ నివేదికలూ అన్నీ ఆ భాషలోనే రాయాలి కాబట్టి, రాయగలరా లేదా అని కూడా ఆ కొద్దిసేపట్లోనే చూస్తారు. తలుపులు చూపే చివరి ప్రశ్నను మాత్రం రెండు భాషల్లోనూ సిద్ధంగా ఉంచుకుంటే, ఆయన తెలుగులోకి మారినప్పుడు వెతుక్కోవలసిన పని ఉండదు.

ముగ్గురు నలుగురు కలిసి కూర్చున్న చోట మూడో దారికీ ఒక చిక్కు ఉంది. రెండు తలుపులు చూపితే హెచ్.ఆర్. వారు ఒకటి, మేనేజరు ఇంకొకటి కోరవచ్చు. అలాంటప్పుడు చివరి ప్రశ్నను అందరి వైపూ విసరకుండా, ‘మీ గురించి చెప్పండి’ అన్న వ్యక్తినే చూసి అడగాలి. క్యాంపస్ డ్రైవ్‌లో బయట వరుస కనిపిస్తూ ఒక్కొక్కరికి కొన్ని నిమిషాలే దక్కుతుంటే చివరి ప్రశ్న అసలు వద్దు. ఆ నాలుగైదు వాక్యాలు చెప్పి, బలం ఉన్న మాటతో ముగించి ఊరుకుంటే, తర్వాతి ప్రశ్న వారే అడుగుతారు.