చిన్న ఎగుమతిదారులకని పెట్టిన జీఎస్టీ సర్వీసు: రెండేళ్లు వాడాక నా మాట

మాది చిత్తూరు. తోతాపురి గుజ్జును టిన్నుల్లో పట్టించి దుబాయ్‌కి పంపిస్తాను. ఏడాదికి నాలుగైదు కంటైనర్లు, అన్నీ చెన్నై పోర్టు నుంచే. 2024 జనవరిలో తిరుపతి ఫ్రీలాన్స్ అకౌంటెంట్ ఒకావిడ లింక్డ్‌ఇన్‌లో పెట్టిన పోస్టు కనబడింది. చిన్న ఎగుమతిదారులకు ఎల్‌యూటీ, జీఎస్టీ రీఫండ్, బ్యాంకు కాగితాలు చూసిపెడతానని, సందేహాలుంటే అడగమని రాశారు. అప్పటికి నా డబ్బు 3 లక్షలు ఇరుక్కుని ఐదు నెలలవుతోంది. అడిగేశాను.

జరిగింది ఇదీ. ఎల్‌యూటీ అనేది పన్ను కట్టకుండా ఎగుమతి చేసుకోవడానికి మనం ఇచ్చే హామీపత్రం. అది ఒక్క ఆర్థిక సంవత్సరానికే చెల్లుతుంది. 2023 ఏప్రిల్‌లో దాన్ని మళ్లీ వేయాలని నాకెవరూ చెప్పలేదు. దాంతో ఆగస్టులో 25 లక్షల సరుకు మీద అప్పటి 12 శాతం లెక్కన 3 లక్షల ఐజీఎస్టీ కట్టి పంపించాను. అలా కట్టినప్పుడు, సరుకు పంపేముందు కస్టమ్స్‌లో వేసే షిప్పింగ్ బిల్లే రీఫండ్ దరఖాస్తు. విడిగా ఏమీ వేయక్కర్లేదు, డబ్బు నేరుగా బ్యాంకులో పడాలి. పడలేదు.

నా ప్రశ్నకు ఆవిడ జవాబు ఒక్క ముక్కే: "అన్నా, షిప్పింగ్ బిల్లు, జీఎస్టీ ఇన్వాయిస్ రెండూ పంపించండి." గంటలో ఫోన్ చేశారు. ఇన్వాయిస్ మీద నంబరు AP/EX/07. షిప్పింగ్ బిల్లులో EX-7. చెన్నై కస్టమ్స్ ఏజెంటుకు నేను ముందుగా పంపిన కమర్షియల్ ఇన్వాయిస్‌లో నంబరు అలా ఉంది, ఆయన అదే ఎక్కించాడు. అమ్మకాలు చూపించే రిటర్ను జీఎస్టీఆర్-1లో, ఎగుమతులు రాసే 6ఎ టేబుల్‌లో మాత్రం AP/EX/07 వెళ్లింది. కంప్యూటర్‌కు అవి రెండు వేర్వేరు ఇన్వాయిస్‌లు. కస్టమ్స్ వాళ్ల పోర్టల్ ఐస్‌గేట్‌లో ఐజీఎస్టీ స్టేటస్ తెరిచి చూపించారు, SB005 అని ఉంది. ఇన్వాయిస్ నంబర్లు కలవలేదని దాని అర్థం. ఐదు నెలలుగా "ప్రాసెస్‌లో ఉంది సార్" అనే మాట విన్నవాడికి ఆ ఒక్క కోడ్ చూడటమే పెద్ద ఊరట.

తప్పు జీఎస్టీఆర్-1లో ఉంటే 9ఎ టేబుల్‌లో సవరిస్తే చాలట. నా విషయంలో తప్పు షిప్పింగ్ బిల్లు వైపుంది, దాన్ని అలా దిద్దలేం. ఏ జీఎస్టీ ఇన్వాయిస్‌కు షిప్పింగ్ బిల్లులోని ఏ నంబరు సరిపోతుందో చూపే పట్టిక ఒకటి తయారుచేసి, ఏజెంటు ద్వారా చెన్నై కస్టమ్స్‌లో ఇప్పించారు. షిప్పింగ్ బిల్లుకు 1,000 రూపాయల ఫీజు. అధికారి సరిచూసి ఆమోదించాక, మార్చిలో డబ్బు ఖాతాలో పడింది.

అప్పటినుంచి రెండు అలవాట్లు చేయించారు. కమర్షియల్, జీఎస్టీ ఇన్వాయిస్‌లకు ఒకటే నంబరు. ఏజెంటు షిప్పింగ్ బిల్లు వేసేముందు పంపే చెక్‌లిస్టు ఆవిడ చూసి సరేనన్నాకే ఫైల్ చేయడం. నిరుడు అందులో నా జీఎస్టీ నంబరులో ఒక అక్షరం తప్పు పడితే ఆవిడే పట్టుకున్నారు.

ఇప్పుడు ఎల్‌యూటీ మీదే పంపిస్తున్నాను. టిన్నులు, రవాణా మీద కట్టిన జీఎస్టీ క్రెడిట్‌గా పేరుకుంటుంది, దాన్ని ఆర్ఎఫ్‌డీ-01 అనే రీఫండ్ దరఖాస్తుతో వెనక్కి అడుగుతాం. మొత్తం క్రెడిట్ రాదు, అమ్మకాల్లో ఎగుమతి వాటా మేరకే వస్తుంది. ఒక త్రైమాసికంలో ఎగుమతి 40 లక్షలు, లోకల్ అమ్మకం 10 లక్షలు, క్రెడిట్ రెండున్నర లక్షలు. 50లో 40 వంతు, అంటే 2 లక్షలు రీఫండ్. మిగతా 50 వేలు లోకల్ పన్నుకు వాడుకున్నాను. ఆ 40 లక్షలు ఎఫ్‌ఓబీ, అంటే ఓడ కిరాయి, ఇన్సూరెన్స్ కలపని విలువ. నా ఇన్వాయిస్‌లో అవి కూడా కలిసి ఉంటాయి కాబట్టి ఇన్వాయిస్ విలువ 42 లక్షలు. అయినా షిప్పింగ్ బిల్లులోని ఎఫ్‌ఓబీ విలువ, ఇన్వాయిస్ విలువల్లో ఏది తక్కువైతే అదే లెక్కలోకి వస్తుంది. పాత అకౌంటెంట్ ఎప్పుడూ పెద్ద అంకె తీసుకునేవాడు.

నచ్చనివీ చెప్పాలి. నెలకు 3,500 అన్నారు గానీ, ప్రతి రీఫండ్ దరఖాస్తుకు విడిగా 5,000 అని పోస్టులో లేదు. రిటర్నుల గడువులుండే 11, 20 తేదీల చుట్టూ ఫోన్ ఎత్తరు. బ్యాంకు పనిలో అంత పట్టు లేదు. ఒకసారి టిన్నులు సొట్టపోయాయని కొన్నవాళ్లు కొంత డబ్బు కోసుకుంటే, ఆ షిప్పింగ్ బిల్లు బ్యాంకు లెక్కల్లో బాకీగా ఉండిపోయింది. ఆవిడ లెటర్ రాసిచ్చారు, బ్రాంచీ చుట్టూ మూడుసార్లు తిరిగింది మాత్రం నేనే. ఆవిడ సీఏ కాదు, ఆడిట్‌కు వేరే ఆయన దగ్గరికి వెళ్తున్నాను.

అయినా మానలేదు. ఎల్‌యూటీ విషయం మార్చి మొదటి వారంలోనే ఆవిడే ఫోన్ చేసి గుర్తుచేస్తారు. రెండేళ్లలో ఒక్కసారి కూడా నేను అడగాల్సి రాలేదు.