స్టడ్స్, స్టీల్‌బర్డ్, వేగా: మీ తలకి ఏది మేలు?

నేను కొత్త హెల్మెట్ కొన్నప్పటి నుంచి తెలిసినవాళ్లంతా ఒకటే అడుగుతున్నారు: "ఏ కంపెనీది మంచిదండీ?" ఈ మూడింటిలో ఏదైనా పరవాలేదు, సరిగ్గా పడితే. నా మటుకు తేడా తెచ్చేది ఆ పట్టడమే.

ముందు గుర్తు సంగతి. ఐఎస్ఐ గుర్తు పైన హెల్మెట్ల ప్రమాణమైన ఐఎస్ 4151 అనీ, కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్స్ నంబరూ ఉండాలి. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి. అక్కడ వచ్చే కంపెనీ పేరు, హెల్మెట్ మీద పేరు ఒకటే కావాలి. రోడ్డు పక్కన కొన్న నా మొదటి హెల్మెట్‌కి గుర్తయితే ఉంది గానీ నంబరే లేదు. గుండ్రంలో E అక్షరం ఉంటే యూరప్ ప్రమాణం అదనంగా ఉన్నట్టు. హైవే ఎక్కువగా తిరిగేవాళ్లకి ఆ డబ్బు దండగ కాదు. అమెరికా ప్రమాణాన్ని సూచించే డాట్ స్టిక్కర్‌ని మాత్రం నేను లెక్కలోకి తీసుకోను, అది తయారీదారు తనకు తాను ఇచ్చుకునేది.

ఇక సైజు. నుదుటి మీద, కనుబొమలకి ఓ అంగుళం పైన టేపు చుట్టి కొలిస్తే నాది 58 సెంటీమీటర్లు. స్టడ్స్‌లో 580 మిల్లీమీటర్లంటే L, స్టీల్‌బర్డ్‌లో అదే M. అక్షరం చూసి కొన్నవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. అంకె చూడండి.

అంకె కలిసినా ఆకారం కలవాలని లేదు. షాపులో పావుగంట పెట్టుకుని కూర్చోండి. నేను చూసినవాటిలో ఒకటి తీశాక నుదుటి మీద ఎర్రటి చార మిగిలింది. నా తల కొంచెం పొడుగు, దానిది గుండ్రం. వాడగా వాడగా సర్దుకుంటుందన్నాడు షాపతను. బుగ్గల మెత్తలు సర్దుకుంటాయి, నిజమే, కాబట్టి మొదట్లో బుగ్గలు నొక్కుకుపోతేనే మంచిది. నుదుటి దగ్గర మాత్రం పలచని మెత్త వెనక గట్టి థర్మాకోల్ ఉంటుంది, అది సర్దుకోదు. చివరికి స్టీల్‌బర్డ్ M తెచ్చుకున్నాను. మీకు వేగానే కుదరొచ్చు.

పై డొప్ప విషయానికొస్తే, తక్కువ ధరవాటికి ఎక్కువగా ప్లాస్టిక్కే, ఖరీదువాటికి ఫైబర్ గ్లాస్. ప్లాస్టిక్‌ని చులకన చేయక్కర్లేదు, దెబ్బని మింగేది ప్రధానంగా లోపలి థర్మాకోలే. కాకపోతే ప్లాస్టిక్ డొప్పని పెట్రోలుతో తుడవకండి, పెయింట్ వేయించకండి, బలం తగ్గిపోతుంది. సగం హెల్మెట్లు గడ్డాన్ని కాపాడవు కాబట్టి వాటి జోలికి పోలేదు.

డబ్బు కట్టే ముందు పట్టీ బిగించి, వెనక అంచు పట్టుకుని ముందుకి లాగమనండి. ఊడి వచ్చిందంటే అది మీది కాదు.