పదిహేను సెకన్ల స్పాట్: ఉన్న స్క్రిప్ట్‌ను కోయడమా, మళ్లీ రాయడమా?

ఆర్కే బీచ్‌లో స్పీకర్ల మీద వేయడానికి ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్లు నాకు హెచ్చరిక ప్రకటన స్క్రిప్ట్ ఇచ్చారు. సుమారు 85 మాటలు, చదివితే నిమిషం. దాన్ని 15 సెకన్లకు దించాలి. విశాఖ తీరం అందంతో మొదలై, నీరు మనిషిని లోపలికి ఎలా లాగుతుందో వివరించి, మద్యం, పిల్లలు, లైఫ్‌గార్డు, ఫోన్ నంబర్ అన్నీ చెప్పేది. అందులో ఒక్కటీ అబద్ధం కాదు, అనవసరమూ కాదు. కష్టమల్లా అక్కడే.

ముందు అందరూ చేసే పనే చేశాను, వాక్యం వాక్యం కోశాను. మిగిలింది ఇది:

"విశాఖది అందమైన తీరం. కానీ ప్రమాదం దాగి ఉంది. మద్యం తాగి దిగకండి. పిల్లలను వదలకండి. లైఫ్‌గార్డు మాట వినండి. అల లాగితే అడ్డంగా ఈదండి. అత్యవసరమైతే 112."

సరిగ్గా 15 సెకన్లలో పట్టింది. ఫోన్‌లో రికార్డ్ చేసి, మా వీధి టీకొట్టు దగ్గర నలుగురికి ఒక్కొక్కసారి వినిపించాను. రెండు నిమిషాలు వేరే కబుర్లు చెప్పి, "అందులో ఏం చెప్పారు?" అని అడిగాను. ముగ్గురు మందు తాగి దిగకూడదన్నారు. ఒకతను "అడ్డంగా అంటే అలకి అడ్డంగానా?" అని నన్నే అడిగాడు. అంటే లాగే నీటికి ఎదురు ఈదమని అర్థం చేసుకున్నాడు. ప్రాణం తీసే పని అదే.

తప్పు ఎక్కడుందో అప్పుడు తెలిసింది. కోసేటప్పుడు ఆజ్ఞలు ముఖ్యంగా కనిపిస్తాయి, వివరణ కొవ్వులా కనిపిస్తుంది. అందుకే "ఎందుకు" అని చెప్పే వాక్యమే ముందు ఎగిరిపోతుంది. "అడ్డంగా" అన్న మాటకు అర్థం ఇచ్చింది ఆ వాక్యమే. అది పోయాక మాట ఒంటరైపోయింది.

స్క్రిప్ట్ పక్కన పెట్టేసి, విన్నవాడు ఏం చేయాలన్న ఒక్క ప్రశ్నతో మళ్లీ రాశాను:

"సముద్రం లోపలికి లాగేస్తోందా? కంగారు పడకండి. నేరుగా ఒడ్డుకి ఈదకండి, అలిసిపోతారు. ఒడ్డు వెంబడే పక్కకి ఈదండి. లాగుడు తగ్గాక ఒడ్డుకి తిరగండి. ఈదలేకపోతే తేలుతూ చెయ్యెత్తండి."

ఇది ఇరవై మాటలే, ఊపిరి తీసుకోవడంతో కలిపి 14 సెకన్లు. కానీ మొత్తం ఒకటే మాట చెబుతోంది. "అలిసిపోతారు" అన్న ఒక్క పదం వివరణ పని చేసేసింది. ఈసారి వేరే నలుగురికి వినిపిస్తే, ముగ్గురు చేత్తో పక్కకి చూపించి మరీ చెప్పారు.

మూడో దారి కూడా చాలామంది వాడతారు: 20 సెకన్ల దాకా కోసి, మిగతాది ఎడిటింగ్‌లో స్పీడ్ పెంచి సర్దడం. హెడ్‌ఫోన్లలో బాగానే ఉంటుంది. బీచ్‌లో అలల హోరు, స్పీకర్ ప్రతిధ్వని కలిస్తే ఒత్తులూ మాటల చివర్లూ వినపడకుండా పోతాయి. "ఈదకండి", "ఈదండి" మధ్య తేడా ఒక్క అక్షరం. దీనికి మాత్రం నేను ఒప్పుకోను.

అలాగని కోత ఎప్పుడూ తప్పని కాదు. దుకాణం పేరు, చోటు, తేదీ, ధర చెప్పే ప్రకటనలో ఒక ముక్కకి ఇంకో ముక్క ఆధారం కాదు, కాబట్టి హాయిగా కోసుకోవచ్చు. పని కూడా తొందరగా అవుతుంది. ఒక వాక్యం తీసేస్తే మిగిలినవాటిలో ఏదైనా అర్థం మారుతోందా? మారితే కోత మానేసి మళ్లీ రాయాలి.

నా రెండో స్క్రిప్ట్ బాగుందనుకుంటూ జాలరిపేటలో ఒక పెద్దాయనకి వినిపించాను. ఆయన విని, "ఈత రానోడికి ఇదేటి పనికొస్తాది బాబూ?" అన్నాడు. నిజమే. సెలవు రోజు ప్యాంటు మడతపెట్టుకుని నీళ్లలోకి దిగేవాళ్లలో ఈత వచ్చినవాళ్లు ఎంతమంది? మాటలు లెక్కపెడుతూ, వినే మనిషిని చూడటం మర్చిపోయాను. మళ్లీ మొదటి నుంచి రాశాను:

"ఈత రాదా? నీళ్లు మోకాలి దాకా వస్తే ఆగిపోండి. అలలు విరగని చోటు ప్రశాంతంగా కనిపిస్తుంది. లోపలికి లాగే నీరు అక్కడే ఉండొచ్చు. అక్కడ దిగకండి."

పందొమ్మిది మాటలు, 12 సెకన్లు. మిగిలిన మూడు సెకన్లలో ఏమైనా చేర్చమని సంస్థవాళ్లు అడిగారు. నేను చేర్చలేదు. "ప్రశాంతంగా కనిపిస్తుంది" తర్వాత ఒక సెకను, చివర రెండు సెకన్లు ఖాళీగా వదిలాను, విన్నవాళ్లు తలెత్తి నీళ్ల వైపు చూసుకోవడానికి. ఈతగాళ్ల స్పాట్‌ను విడిగా రెండోదిగా ఇచ్చాను. మద్యం సంగతి బోర్డు మీద రాయించమన్నాను.