స్లైడ్ల నుంచి 250 పదాల అబ్‌స్ట్రాక్ట్: ఆరేళ్లు వాడిన ఒక పద్ధతిపై సమీక్ష

సదస్సు ప్రసంగాల స్లైడ్లను నేపథ్యం, పద్ధతులు, ఫలితాలు, ముగింపు అనే నాలుగు శీర్షికల అబ్‌స్ట్రాక్ట్‌గా కుదించడానికి నేను ఆరేళ్లుగా ఒకే పద్ధతిని వాడుతున్నాను. హద్దు 250 పదాలైతే నేపథ్యానికి 40, పద్ధతులకు 75, ఫలితాలకు 100, ముగింపుకు 35 చొప్పున ముందే కేటాయించి, రాయడం మాత్రం ఫలితాలతో మొదలుపెట్టాలి. మొదట్లో నేను స్లైడ్ల వరుసనే పట్టుకుని రాసేవాణ్ణి. నేపథ్యానికే తొంభై పదాలు పోయి, అసలు అంకెల దగ్గరకు వచ్చేసరికి చోటు మిగిలేది కాదు.

ఈ పద్ధతి బలం ఏమిటో నాకు బాగా తెలిసింది 22 స్లైడ్ల ఒక చికిత్సా పరీక్ష విషయంలో. (అధ్యయనం ఎవరిదో తెలియకుండా అంకెలు మార్చి చెబుతున్నాను.) ప్రధాన ఫలితపు స్లైడులో పెద్ద అక్షరాలతో “మెరుగుదల 50 శాతం, పోలిక గుంపులో 30 శాతం, p=0.04” అని ఉంది. ఎంతమందిలో 50 శాతమో అక్కడ లేదు. వెనక్కి వెళ్లి చూస్తే, ఆరో స్లైడులోని రేఖాచిత్రం ప్రకారం ఒక్కో గుంపులో 60 మంది చేరారు. చివరిదాకా ఉన్నవారు మాత్రం 54, 50 మంది. అంటే ఆ శాతాలు 27/54, 15/50 నుంచి వచ్చినవి. పద్ధతుల స్లైడులోనేమో చేరినవారందరినీ విశ్లేషిస్తామని, మధ్యలో మానేసినవారిని మెరుగుపడనివారిగా లెక్కిస్తామని రాసి ఉంది. ఆ మాట ప్రకారం లెక్క 27/60, 15/60, అంటే 45 శాతం, 25 శాతం. తేడా రెండు లెక్కల్లోనూ 20 పాయింట్లే వచ్చింది కానీ అది కేవలం కాకతాళీయం. ప్రసంగంలో ఈ అతుకు కనిపించదు, ఎందుకంటే ఏ రెండు స్లైడ్లూ ఒకేసారి తెర మీద ఉండవు. అబ్‌స్ట్రాక్ట్‌లో మాత్రం ఆ రెండు వాక్యాలూ పక్కపక్కనే నిలబడతాయి.

తేడాకు 95 శాతం విశ్వాస అంతరం ప్రధాన స్లైడ్లలో ఎక్కడా లేదు. ధన్యవాదాల స్లైడు తరువాత, ప్రశ్నల కోసం దాచుకున్న అదనపు స్లైడులో దొరికింది: 3 నుంచి 37 పాయింట్లు. ఇప్పుడు నేను ఏ స్లైడ్ల సమితినైనా ముందుగా చివరి నుంచి చూస్తాను, ఆ తరువాత వక్త కింద రాసుకున్న నోట్సు చదువుతాను. యాదృచ్ఛిక పరీక్షల అబ్‌స్ట్రాక్ట్‌ల కోసం 2008లో వచ్చిన కన్సార్ట్ మార్గదర్శకం అడిగే వివరాలలో ఒక్కో గుంపులో విశ్లేషించినవారి సంఖ్య, ప్రభావ పరిమాణం, దాని కచ్చితత్వం, దుష్ప్రభావాలు ఉన్నాయి. వీటిలో చాలావరకు ఆ మూలల్లోనే ఉంటాయి. అంతరం కింది హద్దు 3 అని తెలిశాక, “గణనీయంగా మెరుగుపరుస్తుంది” అన్న ముగింపు స్లైడు మాటను “మెరుగుదల కనిపించింది, అయితే దాని పరిమాణం ఇంకా అనిశ్చితం” అని మార్చవలసి వచ్చింది. అదే స్లైడులో ఖర్చు తగ్గుతుందన్న అంశం కూడా ఉంది. ఖర్చును ఎక్కడా కొలవలేదు గనుక దాన్ని కొట్టివేశాను.

పదాలు తగ్గించడంలో సంక్షిప్త రూపాలను నమ్ముకోవడం నాకు అంతగా కలిసిరాలేదు. రెండు పదాల పేరుకు సంక్షిప్తం పెడితే మొదటిసారి మూడు పదాలవుతాయి, తరువాత ఒక్కొక్కటి. కాబట్టి రెండుసార్లు వాడితే లాభం సున్నా, మూడోసారికి మిగిలేది ఒకే పదం. అంతకంటే, వాడిన గణాంక సాఫ్ట్‌వేర్ పేరునూ, “ఈ అధ్యయనంలో మేము” వంటి ఎత్తుగడలనూ తీసేస్తే ఒక్కసారిగా పదిహేను పదాలు మిగులుతాయి. దుష్ప్రభావాల వాక్యాన్ని మాత్రం తీయకూడదు. చోటు చాలనప్పుడు చేయి ముందుగా దాని మీదికే వెళుతుందని నా అనుభవం.

లెక్క విషయంలో ఒక జాగ్రత్త అవసరం. సాధారణంగా ఖాళీని బట్టి పదాలను లెక్కిస్తారు కనుక `p < 0.05` మూడు పదాలు, `p<0.05` ఒకటి; కొన్ని దరఖాస్తు పేజీలు హైఫన్ దగ్గర కూడా విడగొడతాయి, శీర్షికలను కూడా కలుపుతాయి. ఒకసారి నా దగ్గర 249 చూపిన పాఠాన్ని అలాంటి ఒక పేజీ 258గా లెక్కించి, గడువుకు గంట ముందు తిప్పికొట్టింది. అప్పటి నుంచి 235 దగ్గరే ఆగుతున్నాను.

ఈ పద్ధతి సరిపడని చోట్లు కూడా ఉన్నాయి. ఇంటర్వ్యూల ఆధారంగా సాగే గుణాత్మక అధ్యయనాలలో ఒకే ప్రధాన ఫలితం ఉండదు కాబట్టి ఫలితాలతో మొదలుపెట్టడం వల్ల లాభం లేదు. వంద పదాల్లో నాలుగు ఇతివృత్తాలను ఇరికిస్తే అవి పేర్ల జాబితాగా మిగులుతాయి. అలాంటప్పుడు నేను పద్ధతుల నుంచి ఇరవై పదాలు తీసి ఫలితాలకు ఇస్తున్నాను, రెండు ఇతివృత్తాలనే వివరంగా రాస్తున్నాను.