యాప్ తీసేస్తే ఆగదు: ప్లే స్టోర్ సబ్‌స్క్రిప్షన్ పేజీతో నా నాలుగేళ్లు

మా తెనాలి బాబాయి మార్చి 21న ఫోన్ చేశాడు. "ఒరే అబ్బాయ్, ఆ యాప్ ఎప్పుడో పీకేశాన్రా. ఇంకా డబ్బులు లాగుతున్నారేంటి?" అన్నాడు. గొంతులో కోపం కన్నా సిగ్గు ఎక్కువ వినిపించింది. పాస్‌బుక్‌లో చూసుకుంటే ఒకే మొత్తం మూడుసార్లు, వారానికొకటి చొప్పున పోయింది: 299, 299, 299.

ప్లే స్టోర్‌లోని Subscriptions పేజీని నేను నాలుగేళ్లుగా వాడుతున్నాను. పాటల యాప్, క్లౌడ్ స్టోరేజీ, పిల్లాడి లెక్కల యాప్, మధ్యలో ట్రయల్ చూసి వదిలేసినవి ఓ డజను. ఆ పేజీ బాగానే పనిచేస్తుంది, అయిదింటికి నాలుగు మార్కులు వేస్తాను. కాకపోతే అది ఉందని తెలిసినవాళ్లకే ఆ నాలుగు మార్కులు. బాబాయిలాంటివాళ్లు ఆ పేజీ దాకా రానే రారు. వాళ్లు చూసేది కొనేటప్పుడు కింది నుంచి పైకి లేచే చిన్న పలక ఒక్కటే. అందుకే ముందు దాని గురించి చెబుతాను.

బాబాయి పొలం కాగితాలు స్కాన్ చేయాలని ఓ స్కానర్ యాప్ ఎక్కించుకున్నాడు. తెరవగానే మూడు రోజులు ఉచితం అని పెద్ద బటన్ వచ్చింది. నొక్కితే ప్లే స్టోర్ పలక లేచింది. దాంట్లో పై వరుసలో ఈ రోజు నుంచి మూడు రోజులు ఉచితమని, దాని కింద మార్చి 7 నుంచి వారానికి ₹299 అని ఉంటుంది. అబద్ధమేమీ లేదు, రెండూ రాసే ఉన్నాయి. బాబాయి కళ్లు పై వరుస దగ్గరే ఆగిపోయాయి. నా మటుకు నేను ఆ పలక వచ్చినప్పుడు మొదటి వరుస చదవడం మానేసి చాలా కాలమైంది. చదవాల్సింది రెండోదే. అందులోనూ అంకె కన్నా ముందు దాని పక్కనున్న మాట చూడాలి: వారానికా, నెలకా, ఏడాదికా అని. 299 అంటే నెలకేమో అనుకుంటాం, నెలకైతే పోనీలే అనిపిస్తుంది కూడా. వారానికి 299 అంటే ఏడాదికి 15,548. మూడు రోజుల ట్రయల్, ఆపైన వారం లెక్క, ఈ రెండూ ఒకేచోట కనిపిస్తే నేను ఆ యాప్ ముఖం కూడా చూడను.

పలక తర్వాత యూపీఐ పిన్ అడిగింది. "ఉచితమన్నాక పిన్ ఎందుకు బాబాయ్?" అంటే, "ఏదో వెరిఫికేషన్ అనుకున్నాన్రా" అన్నాడు. అది వెరిఫికేషన్ కాదు, ఆటోపే మ్యాండేట్. ఇకమీదట నా ఖాతా నుంచి ఇంత వరకు మీరే తీసుకోండి అని బ్యాంకుకు సంతకం పెట్టి ఇవ్వడం లాంటిది. రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం ఆ సంతకం పెట్టేటప్పుడే పిన్ అడుగుతారు. తర్వాతి కోతలు, ఒక్కోటి 15,000 దాటనంతవరకు, మళ్లీ ఓటీపీ అడగకుండానే పోతాయి. పిన్ కొట్టే తెర మీద ఎంత మొత్తం వరకు, ఏ తేదీ దాకా అన్నది కూడా ఉంటుంది. ఆ "ఎంత వరకు" అన్న అంకె చాలాసార్లు అసలు ధర కన్నా ఎక్కువ ఉంటుంది. దాన్ని చూసి కంగారు పడక్కర్లేదు, అది గరిష్ఠ పరిమితి మాత్రమే. కానీ చూడటం మాత్రం అవసరం.

మరుసటి రోజు, అంటే మార్చి 5న, కాగితాల పని అయిపోయింది. ఐకాన్ మీద వేలు నొక్కిపట్టి Uninstall కొట్టేశాడు. ఆయన లెక్కలో వ్యవహారం అక్కడితో సరి. ఇక్కడే అందరూ పడేది. యాప్ మీ ఫోన్లో ఉంటుంది, సబ్‌స్క్రిప్షన్ మీ గూగుల్ ఖాతాలో ఉంటుంది. ఫోన్ మార్చినా, పగలగొట్టినా, బావిలో పారేసినా అది నడుస్తూనే ఉంటుంది. ఇంట్లో టీవీ అమ్మేసినంత మాత్రాన కేబుల్ వాడు బిల్లు ఆపుతాడా, ఇదీ అంతే. యాప్ తీసేసేటప్పుడు నీకు సబ్‌స్క్రిప్షన్ ఉంది సుమా అని ఓ హెచ్చరిక రావచ్చు. కానీ చేతికలవాటైన వేగంలో దాన్ని ఎవరు చదువుతారు?

కోతకు కనీసం 24 గంటల ముందు సమాచారం ఇవ్వాలని కూడా రిజర్వు బ్యాంకు నియమమే. వచ్చింది. మార్చి 6 నాటి మెసేజి బాబాయి ఫోన్లో చూపించాడు కూడా. లోన్ ఇస్తాం, లాటరీ తగిలింది అనే నలభై మెసేజీల మధ్య పడి ఉంది. దాంట్లో యాప్ పేరు లేదు, గూగుల్ ప్లే అని మాత్రమే ఉంది. "గూగుల్‌కు నేనేం బాకీ ఉన్నాన్రా, ఇదేదో మోసం అనుకున్నా" అన్నాడు. తప్పు పట్టలేం.

ఇక రద్దు. ఫోన్లోనే దారి చెప్పాను: ప్లే స్టోర్ తెరిచి పైన కుడివైపున్న గుండ్రటి బొమ్మ నొక్కు, Payments & subscriptions, అందులో Subscriptions. "ఖాళీగా ఉందిరా, ఏమీ లేవంటోంది" అన్నాడు. రెండు నిమిషాలు నాకూ అర్థం కాలేదు. తర్వాత వెలిగింది. మా తమ్ముడు కొత్త ఫోన్ కొనిచ్చినప్పుడు తన జీమెయిల్ కూడా అందులో పెట్టాడు. బాబాయి ట్రయల్ నొక్కిన రోజు ప్లే స్టోర్ ఆ ఖాతాలో ఉంది, ఈ రోజు ఈయన ఖాతాలో ఉంది. సబ్‌స్క్రిప్షన్ ఏ ఖాతాతో తీసుకుంటే ఆ ఖాతా కింద మాత్రమే కనిపిస్తుంది. ఆ గుండ్రటి బొమ్మ నొక్కి ఖాతా మార్చగానే స్కానర్ యాప్ పేరు, పక్కనే తర్వాతి కోత తేదీ మార్చి 28, రెండూ ప్రత్యక్షమయ్యాయి. మీకూ డబ్బు పోతూ ఈ పేజీ ఖాళీగా కనిపిస్తుంటే మొదట అనుమానించాల్సింది ఇదే. రెండో అనుమానం, ఆ యాప్ వాళ్ల వెబ్‌సైట్‌లో నేరుగా డబ్బు కట్టి ఉంటారు. అలాంటివి ఈ పేజీలోకి రావు, అక్కడికే వెళ్లి ఆపుకోవాలి.

పేరు మీద నొక్కితే అడుగున Cancel subscription ఉంటుంది. నొక్కాక కారణం అడుగుతుంది. చెప్పాలని లేకపోతే చెప్పక్కర్లేదు, దానికీ ఓ వరుస ఉంది. కొన్ని యాప్‌లకు ఇక్కడే మధ్యలో డబ్బు కట్టడం కొన్నాళ్లు ఆపుదామా అని Pause వస్తుంది. అది రద్దు కాదు, గడువు తీరగానే దానంతటదే మళ్లీ మొదలవుతుంది. నేను మొదటి ఏడాదిలో ఓసారి అలా బోల్తా పడ్డాను. చివరిదాకా వెళ్లి, ఫలానా తేదీతో ముగుస్తుందని ఆ పేజీ మీద కనబడేదాకా పని పూర్తి కానట్టే. ఈమెయిల్‌కు కూడా రద్దయిందని ఉత్తరం వస్తుంది, నేను దాన్ని చెరపను.

బాబాయి ఈలోపు తొందరపడి ఇంకో పని చేశాడు. పక్కింటి కుర్రాడి సలహాతో యూపీఐ యాప్‌లో ఆటోపే విభాగానికెళ్లి మ్యాండేట్ తీసేశాడు. ఇదొక్కటే చేసి ఊరుకుంటే ఏమవుతుందో చెప్పాలి. ప్లే స్టోర్ దృష్టిలో సబ్‌స్క్రిప్షన్ బతికే ఉంటుంది, డబ్బు మాత్రం అందలేదు. డబ్బు రాలేదు, వేరే దారి చూపించండి అని మెయిళ్లు వస్తాయి, కొన్నాళ్లు మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. మీ ఖాతాలో బ్యాకప్ చెల్లింపు కింద కార్డేదైనా పెట్టి ఉంటే దాన్నుంచి పోవచ్చు. కాబట్టి ముందు ప్లే స్టోర్‌లో రద్దు, తర్వాతే యూపీఐ యాప్‌లో మ్యాండేట్ ఇంకా మిగిలిందేమో చూసి తీసేయడం. ఈ వరుస తారుమారు చేయొద్దు.

పోయిన డబ్బు సంగతి. ప్లే స్టోర్‌లో కోత పడిన 48 గంటల లోపు అడిగితే వాపసు దొరికే అవకాశం ఎక్కువ. ఆ తర్వాతైతే యాప్ తయారుచేసినవాళ్లనే అడుక్కోవాలి. బాబాయిది మూడో 299 ఆ ఉదయమే పోయింది కనుక వెంటనే అర్జీ పెట్టాం, తిరిగి వచ్చింది. మిగతా రెండింటికి యాప్ పేజీలో ఉన్న మెయిల్‌కు రాశాం. జవాబు లేదు. 598 రూపాయలు పోయినట్టే. ఉచితం అని చెప్పి ముందే ఆటో డెబిట్‌కు అనుమతి రాయించుకోవడాన్ని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 మార్గదర్శకాలు సబ్‌స్క్రిప్షన్ వల కిందే లెక్కగట్టాయి. ఆ మాట కూడా మెయిల్లో రాశాను. గోడకు చెప్పినట్టయింది.

నా పద్ధతి ఇప్పుడు వేరు. ట్రయల్ నచ్చి మొదలుపెట్టిన అయిదు నిమిషాల్లోనే రద్దు చేసేస్తాను. ప్లే స్టోర్‌లో ఇలా చేస్తే ట్రయల్ అక్కడికక్కడే ఆగిపోదు, చివరి రోజు దాకా వాడుకోవచ్చు, కోత మాత్రం పడదు. యాప్ నిజంగా పనికొస్తే గడువు తీరకముందే అదే పేజీలో మళ్లీ మొదలుపెట్టుకుంటాను. నాలుగేళ్లలో అలా మళ్లీ మొదలుపెట్టింది రెండే రెండు. మా ఆవిడది ఐఫోన్. అక్కడ సెట్టింగ్స్‌లో పైన తన పేరు నొక్కితే Subscriptions ఉంటుంది. ట్రయల్ ముగియడానికి కనీసం 24 గంటల ముందే రద్దు చేయాలని యాపిల్ చెబుతుంది, చివరి రోజు దాకా ఆగితే దెబ్బయిపోతాం. అక్కడ కొన్ని ట్రయల్స్ రద్దు కొట్టిన క్షణమే మూతపడతాయి కూడా, ఖాయం చేసే ముందు వచ్చే వాక్యం చదివి నొక్కాలి.

పోయిన వారం బాబాయి మళ్లీ ఫోన్ చేశాడు. ఏదో పంచాంగం యాప్ ఎక్కించుకున్నాడట, ఏడు రోజులు ఉచితమట.

"రెండో వరుసలో ఏముంది బాబాయ్?"

కళ్లజోడు వెతుక్కున్న చప్పుడు. "ఏడాదికి 899 అని ఉందిరా."

"మరి?"

"వద్దులే. వంటింట్లో క్యాలెండర్ తగిలించి ఉందిగా, మీ పిన్ని దాన్నే చూస్తోంది."